మూడో రోజు తూకం: ఎంపిక కమిటీకి ఒక ఆశా కార్యకర్త బహిరంగ లేఖ

ఎంపిక కమిటీ పెద్దలకు నమస్కారం.

పుట్టిన బిడ్డలను ఇంటికెళ్లి చూసుకోవడం ఎలాగో కొత్త ఆశాలకు నేర్పడానికి ఫీల్డ్ ట్రైనర్లు కావాలని మీరు పిలిచారు కదా, ఆ దరఖాస్తు నేనూ నింపాను. మా అబ్బాయి ఫోన్‌లో కూర్చుని రెండు రాత్రులు నింపాం. పేరు, చదువు, చేరిన సంవత్సరం వరకు ఇబ్బంది లేదు. ఆ తర్వాత మూడు గళ్లు వచ్చాయి. 'ఫీల్డ్ అనుభవం', 'కుటుంబాల నమ్మకం', 'పొందిన శిక్షణ'. ఒక్కోదానికి వంద పదాలు. నమ్మకం దగ్గర ఇంకో చిన్న గడి కూడా ఉంది, 'మిమ్మల్ని నమ్మే కుటుంబాల సంఖ్య' అని. మా అబ్బాయి "ఎంత వేయమంటావమ్మా" అని అడిగితే నాకు నవ్వొచ్చింది. నా కింద 230 ఇళ్లు ఉన్నాయి. 230 అని వేస్తే అబద్ధం. 200 అని వేస్తే మిగతా 30 ఎవరని మీరు అడగరు. అందుకే ఆ గడి ఖాళీగా వదిలేశాను, ఫారం ముందుకు కదలనంటే సున్నా కొట్టించాను. సున్నా చూసి పక్కన పడేస్తారేమోనని ఈ ఉత్తరం. అందరూ చదివేలా రాస్తున్నాను, ఎందుకంటే ఇదే ఫారం నింపుతున్న ఆశాలు ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్లదీ ఇదే బాధ.

మాది కర్నూలు జిల్లా పడమటి వైపు, కర్ణాటక అంచు ఊరు. సగం ఇళ్లలో కన్నడం, సగం ఇళ్లలో తెలుగు, కొన్ని ఇళ్లలో రెండూ కలిపి ఒకే వాక్యంలో. పదో తరగతి పాసయ్యి ఈ ఊరికి కోడలిగా వచ్చాను, 2012లో ఆశగా చేరాను. అప్పుడు జీతం అంటూ లేదు, పనికింత అని ఇచ్చేవాళ్లు. 2019 నుంచి మన రాష్ట్రంలో నెలకు 10,000 అయింది. గర్భిణుల నమోదు, టీకాల రోజు పిల్లల్ని పోగేయడం, టీబీ మందులు, బీపీ షుగర్ సర్వేలు, కోవిడ్‌లో ఇంటింటికీ తిరగడం, ఇవన్నీ చేశాను, అందరు ఆశాలూ చేశారు, వాటి గురించి మీకు చెప్పక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నది ఒక బిడ్డ తూకం గురించి. అందులో నా అనుభవమూ ఉంది, నమ్మకమూ ఉంది, శిక్షణా ఉంది. నేను చేసిన తప్పూ అందులోనే ఉంది.

తెలియనివాళ్లు కూడా చదువుతారు కాబట్టి ముందు లెక్క చెప్తాను. ఆసుపత్రిలో కాన్పయితే ఆశ ఆరుసార్లు ఇంటికి వెళ్లాలి: 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజుతో కలిపి ఏడుసార్లు. వెళ్లిన ప్రతిసారీ బిడ్డను తూచాలి, చంకలో థర్మామీటర్ పెట్టి జ్వరమో చల్లదనమో చూడాలి, ఊపిరి నిమిషం పాటు లెక్కపెట్టాలి, బొడ్డు చూడాలి, తల్లి పాలిస్తుంటే పక్కన కూర్చుని చూడాలి. 42 రోజులూ పూర్తయ్యి, పుట్టిన బరువు రాసి, టీకాలు పడి, జనన నమోదై ఉంటే 250 రూపాయలు. మా కిట్‌లో గుడ్డ జోలె తగిలించే చేతి కాటా ఉంటుంది. ఖాళీ జోలె కొక్కేనికి తగిలించి, పైకెత్తి, మరను కంటికి ఎదురుగా పెట్టుకుని సున్నాకు తిప్పాలి. తర్వాత జోలె తీసి శుభ్రమైన బట్ట మీద పరిచి, బిడ్డ ఒంటి మీద బట్టలు వీలైనంత తగ్గించి పడుకోబెట్టి, మళ్లీ తగిలించి, నేల నుంచి కొంచెం మాత్రమే ఎత్తి చదవాలి. చదివేది నిలబడి కాదు, మోకాళ్ల మీద కూర్చుని. పైనుంచి చూస్తే ముల్లు ఒకటి చూపిస్తుంది, ఎదురుగా చూస్తే ఇంకోటి చూపిస్తుంది.

ఇదంతా నాకు నేర్పారు. ఐదేసి రోజుల చొప్పున విడతలవారీగా శిక్షణ ఇచ్చారు, బొమ్మను జోలెలో పెట్టి తూయించారు, నేను తప్పు లేకుండా తూచాను, అందరూ చప్పట్లు కొట్టారు. కానీ బొమ్మకు చలి వేయదు. బొమ్మకు అవ్వ ఉండదు.

2014 జనవరిలో మా వీధిలో ఒకమ్మాయి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. పంతొమ్మిదేళ్లు. కాన్పు టౌన్‌లో ఆసుపత్రిలో అయింది, ఆడపిల్ల, పుట్టిన బరువు 2,200 గ్రాములు. రెండున్నర కేజీల కంటే తక్కువ కాబట్టి తక్కువ బరువు బిడ్డ. మూడో రోజు పొద్దున ఇంటికెళ్లాను. ఆ గది మీకు చూపించాలి. కిటికీకి గోనెసంచి కట్టారు, మూలన నిప్పుల కుంపటి, పొగ, వాము వాసన, మంచం మీద బాలింత చెవులకు గుడ్డ చుట్టుకుని, పక్కన ఉన్ని దుప్పటిలో బిడ్డ. ముఖం తప్ప ఏమీ కనిపించదు. గుమ్మంలో ఆ పిల్ల అవ్వ కూర్చుని ఉంది. ఆ ఇంట్లో మాట ఆమెదే.

నేను కాటా తీసి, దుప్పటి విప్పబోయాను. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "యామ్మే, చలికి చంపుతావా బిడ్డను? అట్నే తూచు" అంది. నేను ఆ ఊరి కోడలిని, చేరి రెండేళ్లు కాలేదు, ఆమె మా అత్తగారికి చిన్నప్పటి నుంచి తెలిసిన మనిషి. ఎదురు చెప్పలేకపోయాను. దుప్పటితోనే జోలెలో పెట్టి ఎత్తాను. 2,300 చూపించింది. "పెరిగిందా?" అని అడిగింది అవ్వ. "వంద గ్రాములు పెరిగింది అవ్వా" అన్నాను. ఇంట్లో అందరూ నవ్వారు, నాకు టీ ఇచ్చారు, రిజిస్టర్‌లో 2,300 రాసుకుని వచ్చేశాను.

అక్కడే నాకు అనుమానం రావాల్సింది. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో బరువు తగ్గుతుంది, పెరగదు. ఒంట్లో నీరు, మలం పోతాయి, తల్లికి పాలు ఇంకా పూర్తిగా పడవు. నూటికి పది వరకు తగ్గొచ్చు, ఆ తర్వాత మెల్లగా ఎక్కి పదో రోజుకు కాస్త అటూ ఇటూగా పుట్టిన బరువుకు చేరుతుంది. మూడో రోజు వంద గ్రాములు పెరిగిందంటే కాటా తప్పో, పుట్టినప్పుడు రాసిన బరువు తప్పో, తూచిన మనిషి తప్పో అయి ఉండాలి. ఇది నాకు క్లాసులో చెప్పారు, నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా. టీ తాగేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

ఏడో రోజు మళ్లీ వెళ్లాను. ఆ రోజు అవ్వ గుమ్మంలో లేదు, సంతకు పోయింది. దుప్పటి విప్పి, పల్చటి బట్టతో తూచాను. 1,950. మళ్లీ సున్నా చూసుకుని తూచాను. 1,950. నాలుగు రోజుల్లో 350 గ్రాములు పోయినట్టు లెక్క వచ్చింది, నా చేతులు వణికాయి. అప్పుడు దుప్పటిని మడిచి జోలెలో పెట్టి తూచాను. అది 250 గ్రాములు.

అంటే మూడో రోజు అసలు బరువు 2,050. పుట్టిన బరువు నుంచి 150 తగ్గింది, అది మామూలే. కానీ ఏడో రోజుకు పెరగడం మొదలవ్వాల్సిన బిడ్డ ఇంకో వంద తగ్గింది. 2,200లో నూటికి పది అంటే 220, అంటే 1,980 కంటే కిందికి పోకూడదు. పోయింది. నేను "పెరిగింది" అన్న మాట ఆ ఇంట్లో చేసిన పనేమిటంటే, బిడ్డ బాగుందని రాత్రిళ్లు లేపడం మానేశారు. "వెచ్చగా పడుకుంది, లేపద్దు" అన్నారట. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు తాగాల్సిన బిడ్డ ఐదుసార్లు తాగుతోంది. ఎన్నిసార్లు పాసు పోసిందని అడిగితే తల్లి వేళ్లు లెక్కపెట్టి మూడు అంది. వారం బిడ్డకు ఆరుసార్లయినా ఉండాలి. తల్లి రొమ్ములు రాళ్లలా గట్టిపడి ఉన్నాయి, తాగేవాళ్లు లేక. పాలు లేక కాదు, బిడ్డ చీకలేక. తక్కువ బరువు బిడ్డ ఆకలేసినా ఏడవదు, ఏడవడానికీ ఓపిక కావాలి, ఆ నిశ్శబ్దాన్నే ఇంట్లోవాళ్లు మంచి నిద్ర అనుకుంటారు.

పాదాలు ముట్టుకున్నాను, చల్లగా ఉన్నాయి. పొట్ట కూడా చల్లగానే ఉంది. పాదాలు మాత్రమే చల్లగా ఉంటే చలి తగిలినట్టు, పొట్టా చల్లబడితే బిడ్డ లోపల నుంచే చల్లబడుతున్నట్టు. థర్మామీటర్ 96.2 చూపించింది. మామూలుగా 97.7 పైన ఉండాలి. ఊపిరి నిమిషానికి 52, రెండోసారి 54. అరవై దాటలేదు, డొక్క ఎగరేయడం లేదు, అంతవరకు నయం. చెయ్యి ఎత్తి వదిలితే జారి పడిపోయింది. అరికాలు మీద గీస్తే పిల్లికూన మూలిగినట్టు ఒక్క ఏడుపు, అంతే.

కుంపటి పెట్టి, దుప్పటి చుట్టి, కిటికీ మూసిన గదిలో బిడ్డ చల్లబడిందంటే ఇంట్లోవాళ్లు నమ్మలేదు. కానీ దుప్పటి వేడి పుట్టించదు, ఉన్న వేడిని ఆపుతుంది. కడుపులో పాలు లేని బిడ్డకు ఆపడానికి వేడే ఉండదు. బిడ్డ బట్టలు విప్పి, తలకు టోపీ పెట్టి, తల్లి జాకెట్ లోపల రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి, పైనుంచి అదే దుప్పటి కప్పాం. రొమ్ములకు తడి గుడ్డ కాపు పెట్టి, చేత్తో పాలు పిండించి చెంచాతో చుక్క చుక్కగా పోశాం. గంట తర్వాత 97.0. ఎక్కింది, చాల్లేదు. పాలు ఇంకా సరిగ్గా మింగడం లేదు. చల్లబడటం, పాలు తగ్గడం, ఏడుపు బలహీనం, కాళ్లూ చేతులూ వదులు, ఇవి కలిసి వస్తే ఒంట్లో చీము విషం ఎక్కుతోందేమోనని అనుమానించి పంపించేయాలి, ఇంట్లో ఉంచి చూద్దాం అనకూడదు. మాకు ఇంజెక్షన్ ఇచ్చే అధికారం లేదు. ఏఎన్ఎం అక్కకు ఫోన్ చేసి చెప్పి, 108కి కొట్టాను.

అప్పుడు అవ్వ సంత నుంచి వచ్చింది. సంచి కూడా దించలేదు. "పదకొండో దినం పురుడు పోయేదాకా బిడ్డ గడప దాటకూడదు. నువ్వే గదా మొన్న పెరిగిందంటివి?" అంది.

నిజం చెప్తున్నాను, అబద్ధం చెప్పడానికి దారి ఉంది. "ఈ నాలుగు రోజుల్లోనే తగ్గింది" అంటే సరిపోయేది, లెక్క ఎవరూ అడగరు. అందరి ముందు దుప్పటిని మళ్లీ జోలెలో పెట్టి ఎత్తి, ముల్లు అవ్వకు చూపించాను. "అవ్వా, మొన్న బిడ్డతో పాటు ఈ దుప్పటి కూడా తూచినా. నువ్వు వద్దన్నావని కాదు, నేను విప్పి ఉండాల్సింది, తప్పు నాది. బిడ్డ పెరగనే లేదు" అన్నాను. ఆమె నన్ను తిట్టింది. ఇక్కడ రాయలేని మాటలు తిట్టింది, మా అత్తగారిని కూడా కలిపి. తిట్టీ తిట్టీ కాసేపు ఊరుకుని, దుప్పటి చేతిలోకి తీసుకుని బరువు చూసుకున్నట్టు పైకీ కిందికీ ఆడించింది. తర్వాత మనవరాలితో "లెయ్యి, చెప్పులేసుకో" అంది. 108 వచ్చేసరికి ఆమే ముందు కూర్చుంది.

బండిలో బిడ్డను తల్లి ఒంటికి అంటించే తీసుకెళ్లాం. వేరేగా చుట్టి ఒడిలో పెట్టుకుంటే గంట ప్రయాణంలో మళ్లీ చల్లబడుతుంది. ఆసుపత్రిలో నవజాత శిశువుల యూనిట్‌లో ఎనిమిది రోజులు ఉంచారు. అక్కడి సిస్టర్ పిండిన పాలు స్టీలు గిన్నెతో పట్టడం నేర్పబోయింది, ఇంగ్లీషులో ఏదో పేరు చెప్పింది. అవ్వ దాన్ని చూసి "ఇది ఉగ్గుగిన్నె గదమ్మా" అని అందుకుని, ఎడమ మోచేతి మీద బిడ్డ తల కాస్త ఎత్తుగా పెట్టుకుని, గిన్నె ముక్కును పెదవి మూలన ఆనించి, మింగేదాకా ఆగి మళ్లీ వంచింది. ముగ్గురు పిల్లల్ని ఆమె అట్లాగే సాకిందట. సిస్టర్ పక్క మంచాల వాళ్లను కూడా పిలిచి ఆమె దగ్గర చూసి నేర్చుకోమంది. నేను ఆ రోజు వరకు అవ్వ అంటే అడ్డం వచ్చే మనిషి అనే అనుకున్నాను. ప్రతిసారీ గిన్నెను నీళ్లలో మరిగించాలని మాత్రం ఆమెకు కొత్తగా చెప్పాల్సి వచ్చింది, దానికి కొంచెం గొణిగింది.

పదిహేనో రోజు 2,010తో ఇంటికొచ్చారు. 21వ రోజు 2,180, 28వ రోజు 2,390, 42వ రోజు 2,820. రోజుకు ముప్పై గ్రాములకు అటూ ఇటూ. 21వ రోజు నేను కాటా తీయగానే దుప్పటి విప్పింది అవ్వే. ఆ తర్వాత మా వీధిలో ఏ ఇంట్లో కాన్పయినా ఆమె వెళ్లి "దుప్పటి తీసి తూయించండి" అని చెప్పేది. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఆ పాప ఇప్పుడు ఆరో తరగతి, స్కూల్లో ఐరన్ మాత్ర ఇస్తే ఉమ్మేస్తుందని వాళ్లమ్మ నాకు కంప్లయింట్ చేస్తుంది.

ఇప్పుడు చెప్పండి, దీన్ని 'కుటుంబాల నమ్మకం' గడిలో ఎంత అంకెగా వేయాలి?

నమ్మకం పోయిన ఇల్లు కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా సొంత డబ్బా అవుతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కు నేనే దగ్గరుండి తీసుకెళ్లిన ఒకామెకు రెండేళ్ల తర్వాత మళ్లీ కడుపొచ్చింది. ఆపరేషన్ అరుదుగా ఫెయిలవుతుందని, నెల తప్పితే వెంటనే రావాలని, అలా జరిగితే పరిహారం అడగొచ్చని, దానికి గడువు ఉంటుందని నేను ముందు చెప్పలేదు. నాకే సరిగ్గా తెలియదు. తెలిసేసరికి గడువు దాటింది, ఆపరేషన్ సర్టిఫికెట్ కూడా వాళ్ల దగ్గర దొరకలేదు. ఆమె భర్త ఇప్పటికీ నేను వీధిలోకి వస్తే తలుపేస్తాడు. వాళ్ల నాలుగో బిడ్డను ఒక్కసారి కూడా తూచలేదు నేను. టీకాలకు మాత్రం ఆమె గుట్టుగా తీసుకొస్తుంది. ఆ ఇంటిని నమ్మే లెక్కలో వేయాలా, నమ్మని లెక్కలోనా?

రెండో మాట, మీ ఫారంలో 'గత ఏడాది పూర్తి చేసిన గృహ సందర్శనల శాతం' అని ఉంది. నాది తక్కువ. ఎందుకో చెప్తాను. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి పోతుంది, మా ఊరి కోడళ్లు వేరే ఊళ్లకు పోతారు, వేరే ఊళ్ల కోడళ్లు మా ఊరికి వస్తారు. గర్భిణిగా నమోదు చేసింది ఒక ఆశ, మూడో రోజు చూడాల్సింది ఇంకో ఆశ. చాలాసార్లు ఇద్దరూ 'ఆమె చూస్తుందిలే' అనుకుంటారు, మూడో రోజు, ఏడో రోజు ఎవరూ పోరు. కానీ నెల తిరక్కుండా చనిపోయే బిడ్డల్లో ఎక్కువమంది చనిపోయేది ఆ మొదటి వారంలోనే. నేను చేసేదేమిటంటే, తొమ్మిదో నెలలో పుట్టింటి ఊరి ఆశ నంబర్ కనుక్కుని ఫోన్ చేసి పేరూ, వీధీ, రక్తం ఎంతుందో చెప్తాను, కాన్పయ్యాక మళ్లీ చేస్తాను. ఆమె తూచిన బరువు నా రిజిస్టర్‌లో ఎర్ర ఇంకుతో రాస్తాను, ఫలానా ఊరి ఆశ తూచింది అని. అది నా సందర్శన కాదు కాబట్టి శాతంలోకి రాదు.

ఇంకోటి వలస. చలికాలం రాగానే మా పడమటి ఊళ్ల వాళ్లు గుంటూరు వైపు మిరపకాయల కోతకు లారీలెక్కుతారు, ఎండలు ముదిరేదాకా తిరిగి రారు. నెల బిడ్డ ఉన్నా పోతారు, అప్పులు అట్లా ఉంటాయి. 28వ రోజు నేను ఇంటికెళ్తే తాళం. తల్లీబిడ్డల కార్డు ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి లారీ ఎక్కే ముందు చేతికిస్తాను, కోతల దగ్గర ఏ ఊరైనా టీకాల రోజు ఆ కార్డు చూపిస్తే వేయాలి, వాళ్లు వేయం అంటే నాకు ఫోన్ కొట్టమని చెప్తాను. పోయినేడు ఒకమ్మాయి అక్కడి అంగన్‌వాడీలో బిడ్డను తూయించి ఫోన్ చేసి చెప్పింది. నేను మొదట అడిగింది "బట్టలతోనా, బట్టలు లేకుండానా" అని. ఆ గడిలో బరువు రాసి పక్కన 'ఫోన్‌లో' అని రాశాను. సూపర్‌వైజన్‌కు వచ్చిన సారు అది కొట్టేసి "నేరుగా చూసినట్టు రాసేయ్, ఎవరడుగుతారు" అన్నారు. నేను మళ్లీ పక్కన రాశాను.

అందుకే మీకు ఒక సలహా. ట్రైనర్లను ఎంచేటప్పుడు రిజిస్టర్లు చూస్తామన్నారు, మంచిదే. ఒక్క ఖాళీ కూడా లేకుండా నిండిన రిజిస్టర్ కనిపిస్తే మెచ్చుకునే ముందు మూడో రోజు బరువుల వరుస చూడండి. మూడో రోజు బరువులన్నీ పుట్టిన బరువు కంటే ఎక్కువో సమానమో ఉంటే ఆమె తూచలేదు, లేదా నాలాగా దుప్పటితో తూచింది. పుట్టిన బరువులు వరసగా 2,500, 2,500, 2,500 అని ఉంటే కూడా ఆగండి. రెండున్నర దగ్గరే తక్కువ బరువు గీత ఉంది కాబట్టి 2,430ని 2,500 చేసేస్తే ఫాలోఅప్ పని తప్పుతుంది, పైనుంచి ఫోన్లు రావు. ఊపిరి లెక్కలు అన్నీ 40, 40, 40 ఉంటే నిమిషం పాటు చూడలేదని అర్థం. బతికున్న బిడ్డ ఊపిరి ప్రతిసారీ ఒకే అంకెలో రాదు.

ఇక శిక్షణ. ఆ గడిలో సర్టిఫికెట్ల పేర్లు రాశాను: చేరినప్పటి శిక్షణ, తర్వాత నవజాత శిశువులది, ఈ మధ్య మూడు నెలల నుంచి పదిహేను నెలల వరకు ఇంటికెళ్లి చూసే పిల్లల శిక్షణ, ఇంకా షుగరు బీపీలది. శిక్షణలో మాకు మహారాష్ట్రలోని గడ్చిరోలి గురించి చెప్పారు. డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు అక్కడి పల్లె ఆడవాళ్లకు నేర్పించి ఇళ్లలోనే పుట్టిన బిడ్డలను కాపాడారని, ఆ ఫలితాలు 1999లో పెద్ద వైద్య పత్రికలో వచ్చాయని, మేం చేసే పనికి మూలం అదేనని. అది విన్నప్పుడు నాకు గర్వంగా అనిపించింది. కానీ అక్కడి వాళ్లకు ఇంటిదాకా వెంట వచ్చి చూసే మనిషి ఉండేవారు. మాకు క్లాసు అయిపోయాక బ్యాగు, పుస్తకం ఇచ్చి పంపేశారు. నేను మొదటిసారి నిజం బిడ్డను తూచినప్పుడు నా పక్కన ఎవరూ లేరు. ఉండి ఉంటే దుప్పటి విప్పేది, అవ్వతో ఏం మాట్లాడాలో నేను విని ఉండేదాన్ని.

నన్ను తీసుకుంటే నేను చేసేది ఇదొక్కటే. క్లాసు మీరు పెట్టుకోండి, ల్యాప్‌టాప్, స్లైడ్లు నాకు రావు, ఇంగ్లీషు అంతంతమాత్రం, అది దరఖాస్తులోనే రాశాను. కొత్త ఆశ ఒక్కొక్కరితో వాళ్ల ఊరికి వెళ్లి, మొదటి మూడో రోజు సందర్శనకు పక్కన కూర్చుంటాను. కాటా ఆమె చేతిలోనే ఉంటుంది. నేను అవ్వ పక్కన కూర్చుంటాను. చలికాలమైతే ముందు తలుపు వేయించి, దుప్పటి విప్పకుండానే జోలెను కుంపటికి దూరంగా పట్టి కాస్త వెచ్చ చేయించి, తూకానికి అన్నీ సిద్ధమయ్యాక చివర్లో బట్టలు విప్పి, పది లెక్కపెట్టేలోపు తూచి తల్లి ఒంటికి ఆనించేయడం ఎలాగో చూపిస్తాను. అంతగా విప్పనివ్వకపోతే దానికీ దారి ఉంది, బట్టతోనే తూచి, తర్వాత ఆ బట్టను ఒక్కదాన్నే తూచి తీసేయాలి. ఇంత చిన్న తీసివేత 2014లో నాకు తట్టలేదు. ఒక్కో ఆశకు పూట పడుతుంది, ఇరవై మందికి ఇరవై పూటలు, కాన్పులు మన చెప్పుచేతల్లో ఉండవు కాబట్టి రెండు మూడు నెలలు పట్టొచ్చు. మీ షెడ్యూల్‌లో ఐదు రోజులే ఉన్నాయి. ఆ ఐదు రోజుల్ని నాలుగు చేసి, మిగిలిన డబ్బు బస్సు చార్జీలకు ఇవ్వండి.

నన్ను పరీక్షించాలంటే రాత పరీక్ష కంటే ఇంకో పని చేయండి. రెండు కేజీల బియ్యం మూటను తువ్వాలులో చుట్టి టేబుల్ మీద పెట్టండి, కాటాను కావాలని వంద గ్రాములు తప్పుగా తిప్పి ఉంచండి. వచ్చినవాళ్లలో ఎవరు ముందు సున్నా చూస్తారో, ఎవరు తువ్వాలు సంగతి అడుగుతారో, ఎవరు కుర్చీలోంచి దిగి కింద కూర్చుంటారో చూడండి.

చివరిగా ఒక చిన్న విన్నపం. ఇంటర్వ్యూ వచ్చే బుధవారం పొద్దున పది గంటలకు అని మెసేజ్ వచ్చింది. బుధవారం ఊళ్లలో టీకాల రోజు, అది మీలో ఎవరికీ గుర్తు రాలేదంటే నాకు కొంచెం బాధగానే ఉంది, పిలిచింది ఆశాలనే కదా. పైగా మా ఊళ్లో నిన్న రాత్రి ఒకమ్మాయికి సిజేరియన్ అయింది, బిడ్డ 2,380, వాళ్లు బుధవారం సాయంత్రానికి ఇల్లు చేరతారు, గురువారం పొద్దున నేను వెళ్లాలి. గురువారం మధ్యాహ్నం రెండు తర్వాత ఎప్పుడు పిలిచినా వస్తాను. కాటా బ్యాగులోనే ఉంటుంది.

ఇట్లు,
కర్నూలు జిల్లా పడమటి మండలాల ఆశా కార్యకర్త